ఉదయగిరి చెక్క స్పూన్లు: రెండు ఊళ్లలో ఒకే ధర మేలా, రెండు ధరలు మేలా?

ఉదయగిరిలో చెక్క స్పూన్ల సెట్లు చేసే ఒక పనివాడు వాటిని నెల్లూరులోనూ, హైదరాబాద్ ఎగ్జిబిషన్లలోనూ అమ్ముతున్నాడనుకుందాం. పిడి మీద అతను చెక్కే నగిషీ ఇంకెవరి దగ్గరా దొరకదు కాబట్టి ధర పెట్టే వీలు అతని చేతిలో ఉంది. పక్క కొట్లో అచ్చం అదే సరుకు ఉంటే అసలీ ప్రశ్నే రాదు.

సెట్టుకు ఖర్చు 100 రూపాయలు. మూటగట్టి పంపితే సెట్టుకు పడే రవాణా స్వల్పమే కాబట్టి దాన్ని వదిలేద్దాం. సెట్టు ధర P, నెలకు అమ్ముడుపోయే సెట్లు Q అయితే గిరాకీ ఇలా ఉందనుకుందాం (అంకెలు లెక్క కోసం తీసుకున్నవి):

```
నెల్లూరు:     Q1 = 300 - P1
హైదరాబాద్:  Q2 = 500 - P2
```

ముందు ఒకే ధర సంగతి. రెండు గిరాకీలూ కలిపితే Q = 800 - 2P. లాభం (P - 100)(800 - 2P) అత్యధికమయ్యేది P = 250 దగ్గర. నెల్లూరులో 50, హైదరాబాద్‌లో 250 సెట్లు పోతాయి. లాభం 45,000. బోర్డు మీద ఒకటే రేటు, ఎవరికీ సమాధానం చెప్పుకోవాల్సిన పని లేదు.

కానీ ఈ 250 దగ్గర ఒక్కో ఊళ్లో చివరి సెట్టు ఎంత తెచ్చిందో చూడండి. ఇంకో సెట్టు అమ్మాలంటే ధర కాస్త తగ్గించాలి, ఆ తగ్గింపు మిగతా సెట్లన్నిటికీ వర్తిస్తుంది. అందుకే చివరి సెట్టు వల్ల అదనంగా వచ్చే సొమ్ము, అంటే ఉపాంత రాబడి, ధర కన్నా తక్కువగా ఉంటుంది. నెల్లూరులో అది 300 - 2Q1, అంటే 200 రూపాయలు. హైదరాబాద్‌లో 500 - 2Q2, అంటే సున్నా! వంద ఖర్చు పెట్టి చేసిన సెట్టు అక్కడ రాబడిని ఒక్క రూపాయి కూడా పెంచడం లేదు. సరుకును అక్కడ తగ్గించి ఇక్కడ పెంచాలన్న సంగతి ఈ తేడాలోనే ఉంది.

ఎంతవరకు? రెండు చోట్లా ఉపాంత రాబడి 100 రూపాయల ఖర్చుకు సమానమయ్యే వరకు.

```
300 - 2Q1 = 100  →  Q1 = 100,  P1 = 200
500 - 2Q2 = 100  →  Q2 = 200,  P2 = 300
```

లాభం 10,000 + 40,000, మొత్తం 50,000. చేసిన సెట్లు అప్పుడూ 300, ఇప్పుడూ 300. ఒక్క స్పూన్ కూడా అదనంగా చెక్కకుండా 5,000 ఎక్కువ వచ్చింది.

ధర ఒక శాతం పెరిగితే గిరాకీ ఎన్ని శాతం తగ్గుతుందో చెప్పేది వ్యాకోచత్వం, ఈ గిరాకీల్లో అది P/Q అవుతుంది. కొత్త ధరల దగ్గర అది నెల్లూరులో 200/100 = 2, హైదరాబాద్‌లో 300/200 = 1.5. ధర పెరిగితే త్వరగా వెనక్కి తగ్గేది నెల్లూరువాళ్లు, అందుకే వాళ్లకు తక్కువ ధర. వ్యాకోచత్వాన్ని e అనుకుని P = 100/(1 - 1/e) సూత్రంలో వేసినా 200, 300 సరిగ్గా వస్తాయి. అయితే ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. పాత ధర 250 దగ్గర కొలిచిన వ్యాకోచత్వాలు 5, 1. వాటిని ఇదే సూత్రంలో వేస్తే నెల్లూరు ధర 125 అని తప్పుగా వస్తుంది, హైదరాబాద్‌కు సున్నాతో భాగించాల్సి వస్తుంది. ఇలాంటి సరళరేఖ గిరాకీలో వ్యాకోచత్వం ధరతోపాటు మారిపోతుంది. కాబట్టి గిరాకీ రేఖ నుంచే ధర కట్టాలి, సూత్రాన్ని చివర్లో సరిచూసుకోవడానికే వాడాలి.

మరి కొనేవాళ్లకు ఏది మేలు? వాళ్లు ఇవ్వడానికి సిద్ధపడిన ధరకూ, ఇచ్చిన ధరకూ మధ్య మిగిలింది లెక్కిస్తే, రెండు ధరల వల్ల నెల్లూరువాళ్లకు 3,750 కలిసొస్తుంది, హైదరాబాద్‌వాళ్లకు 11,250 పోతుంది. అమ్మినవాడి 5,000 కలిపినా మొత్తం మీద 2,500 నష్టమే. 300 ఇవ్వలేక హైదరాబాద్‌లో వెనక్కి తగ్గినవాళ్ల సెట్లు, వాళ్లకన్నా తక్కువ విలువ కట్టే నెల్లూరువాళ్లకు చేరాయి, అందుకే ఈ నష్టం.

నెల్లూరు గిరాకీ ఇంకా బలహీనంగా, 220 - P1 గా ఉంటే తీర్పు తిరగబడుతుంది. అప్పుడు ఒకే ధర పెట్టే అమ్మకందారుకు నెల్లూరును వదిలేసి 300 పెట్టుకోవడమే లాభం. రెండు ధరలుంటేనే నెల్లూరువాళ్లకు 160కి 60 సెట్లు దక్కుతాయి, హైదరాబాద్ ధర మారదు. ఎవరికీ నష్టం లేదు. ఇలాంటి చోట రెండు ధరలే న్యాయమని గట్టిగా అంటాను.

ఇదంతా రెండు ఊళ్ల సరుకు కలవనంతవరకే. స్పూన్ల సెట్టు బరువుండదు, పాడవదు. ఎవరైనా నెల్లూరులో 200కి కొని, సెట్టుకు 40 ఖర్చుతో హైదరాబాద్ చేరిస్తే 300 ధర నిలబడదు. నెల్లూరులో ఒక్కరే డజన్లకొద్దీ కొనడం, హైదరాబాద్‌లో అమ్మకం ఉన్నట్టుండి పడిపోవడం దీనికి గుర్తులు. తేడా 40 దాటకూడదన్న షరతుతో మళ్లీ కడితే ధరలు 230, 270 వస్తాయి, లాభం 48,200. 50,000 కన్నా తక్కువే, అయినా ఒకే ధరతో వచ్చే 45,000 కన్నా మేలు. ఈ పనివాడికి నేనైతే ఈ ధరలే చెబుతాను.