మడమ లేవకుండా, వేళ్లు గుద్దుకోకుండా: కొత్త బూట్లతో నాలుగు రోజుల ట్రెక్

ట్రెక్‌కి మూడు వారాల ముందు కొత్త తోలు బూట్లు కొన్నాను. నేను వెళ్లిన రెండు దుకాణాల్లో రెండోదే నయం. మొదటి చోట పొద్దున్నే, పల్చటి సాక్స్‌తో తొడిగించి పంపేయబోయారు. రెండో చోట సాయంత్రం రమ్మన్నారు. నడిచి నడిచి పాదం కాస్త ఉబ్బాకే అసలు కొలత తెలుస్తుందట. ట్రెక్ సాక్స్ వేసుకుని, లేసులు కట్టకుండా పాదాన్ని ముందుకు నెట్టమన్నారు. మడమ వెనక ఒక వేలు పట్టింది. తర్వాత లేసులు బిగించి, అక్కడున్న ఏటవాలు చెక్క మీద కిందికి నడిపించారు. వేళ్లు ముందుకు తగల్లేదు.

మొదటి వారం రోజూ సాయంత్రం గంటో రెండు గంటలో ఇంట్లోనే తొడుక్కున్నాను. అడుగున మట్టి అంటకపోతే, సరిపడనప్పుడు మార్చుకోవడానికి వీలుంటుంది కదా. రెండో వారం రోడ్డు మీద నడక, మూడో వారం వీపున బరువుతో నడక. కొత్తలో మడమ కొంచెం లేస్తుంటే కంగారు పడలేదు. బూటు అడుగు అట్ట ఇంకా బిరుసుగా ఉంటుంది, పాదంతో పాటు వంగదు, అందుకే మడమ లేస్తుంది. వంగడం మొదలుపెట్టాక చాలావరకు తగ్గింది. తోలు త్వరగా మెత్తబడాలని నీళ్లలో నానబెట్టడం, వేడి దగ్గర పెట్టడం లాంటివి చేయలేదు. వాటివల్ల తోలు పగులుతుంది, అతుకులు ఊడతాయి.

ఒక్క తప్పు మాత్రం చేశాను. ఆ నడకంతా చదును నేల మీదే.

మొదటి రోజంతా ఎక్కుడే. గంటన్నర గడిచేసరికి ఎడమ మడమ దగ్గర వేడిగా, చురుక్కుమన్నట్టు అనిపించింది. బొబ్బ రాబోయే ముందు సూచన అదే. అప్పుడే ఆగితే టేపుతో పోతుంది, ఇంకో గంట నడిస్తే చర్మం లేస్తుంది. ఆగి బూటు విప్పాను. మా గైడ్ పక్కన కూర్చుని, "లేసులు పైనెంత బిగించినా లాభం లేదండీ, పట్టు మీగాలి దగ్గర ఉండాలి" అంటూ తన బూటు మీద చేసి చూపించారు.

బూటు తొడిగాక మడమను నేలకు రెండుసార్లు కొట్టి పూర్తిగా వెనక్కి జరపాలి. లేసుల్ని వేళ్ల వైపు నుంచి పైకి ఒక్కో వరసా లాగుతూ రావాలి. పాదం కాలివైపు వంగే చోటికొచ్చాక, మామూలు ముడిలో మొదటి మెలికలా లేసులు రెండూ మెలిపెట్టి, ఇంకో చుట్టు కూడా తిప్పాలి. గట్టిగా లాగి, పట్టు వదలకుండా నేరుగా పై హుక్కుల్లోకి ఎక్కించాలి. ఆ రెండో చుట్టే తాళం. కింద బిగువు పైకి జారదు, పైది కిందికి రాదు. దీన్నే సర్జన్ ముడి అంటారు. పై వరసలో అలాంటిదే ఇంకొకటి వేస్తే మడమ వెనక్కి కూర్చుండిపోతుంది. ఎక్కుతున్నప్పుడు ఆ ముడికి పైన లేసులు కాస్త వదులుగా ఉంచుకోమన్నారు, చీలమండ వంగాలి కాబట్టి. టేపు వేసి అలా కట్టాక బొబ్బ రాలేదు.

రెండో రోజు మధ్యాహ్నం నుంచి దిగుడు. పొద్దున ఎక్కేటప్పుడు కట్టిన లేసులతోనే దిగడం మొదలుపెట్టాను. అరగంటకే కుడి బొటనవేలు ప్రతి అడుగుకీ ముందు గోడకు గుద్దుకుంటోంది. లేసులు పొద్దుటి నుంచీ సాగాయి, ముడి వదులైంది, పాదం ముందుకు జారుతోంది. మడమ లేవడానికీ వేలు గుద్దుకోవడానికీ కారణం ఒకటే: మీగాలిని బూటు పట్టుకోకపోవడం. రాయి మీద కూర్చుని, మడమ కొట్టి, సర్జన్ ముడి మళ్లీ వేసి, ఈసారి పై హుక్కులు కూడా బిగించాను. బూటు ముందు కొనను రాయికి తన్ని చూశాను, వేలు తగల్లేదు. వేళ్ల దగ్గరి వరసలు మాత్రం వదులుగానే ఉంచాను. ఆ తర్వాత పెద్ద దిగుడు ముందు ప్రతిసారీ ఐదు నిమిషాలు దీనికే కేటాయించాను. మూడో రోజు మరీ బిగించేశాను, మీగాలు తిమ్మిరెక్కింది. నొప్పి ఉన్న చోట ఒక్క వరసలో లేసుల్ని అడ్డంగా మార్చకుండా రెండువైపులా నిలువుగా ఎక్కించి, పైన మళ్లీ అడ్డంగా కలిపితే ఒత్తిడి పోయింది.

నాతో వచ్చిన స్నేహితుడికి ఇవేవీ పనిచేయలేదు. అతని బూట్లు పొడవే తక్కువ. చదును నేల మీద నిలబడ్డా వేళ్లు ముందుకు ఆనుతున్నాయి. లేసులు పాదాన్ని వెనక్కి పట్టగలవు గానీ బూటుని పొడుగు చేయలేవు. అతని గోళ్లు రెండూ నల్లబడ్డాయి.

బసల్లో మూడో రాత్రిది నాకు బాగా నచ్చింది. తడిసిన బూట్లు ఆరబెట్టడానికి గాలాడే గది విడిగా ఉంది. లోపలి అట్టలు తీసి, కాగితాలు కుక్కి ఉంచమన్నారు. రెండో రాత్రి బసలో అందరి బూట్లూ పొయ్యి చుట్టూ పెట్టారు. నావి తీసి గోడవారగా పెట్టుకున్నాను. నాలుగో రోజు దిగాక చూసుకుంటే, కుడి బొటనవేలి గోరు కింద చిన్న నల్లమచ్చ. ఆ గోరొక్కటే బయల్దేరేముందు కత్తిరించడం మరిచిపోయాను.