బండి మీద రీడింగ్ గ్లాసులా, ఆప్టికల్ షాపా, కంటి డాక్టరా: ఏది మేలు?

ముందే నా మాట చెప్పేస్తా. నలభై దాటిన మనిషి, దూరం ఎప్పటిలాగే బాగా కనబడుతోంది, సుగర్ లేదు, పేపర్ చదవాలంటే మాత్రం చెయ్యి చాచాల్సి వస్తోంది. ఇలాంటి వాళ్లకు కర్నూలు కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల బండి మీద దొరికే వంద, నూట యాభై రూపాయల అద్దాలు నిక్షేపంగా పనికొస్తాయి. అవి పెట్టుకుంటే కళ్లు పోతాయని భయపెట్టేవాళ్లు ఉన్నారు, నమ్మొద్దు. పవర్ సరిపోకపోతే తలనొప్పి వస్తుంది, కళ్లు లాగుతాయి, తీసి పక్కన పెడితే తగ్గిపోతుంది. పెద్దవాళ్ల కంటికి ఆ అద్దం వల్ల కొత్త జబ్బేమీ రాదు. అసలు అద్దాలే లేకుండా సంవత్సరాల తరబడి గడపడం అంతకంటే పెద్ద నష్టం. అస్సాంలో నలభై దాటిన టీ కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి చూసిన అధ్యయనం 2018లో వచ్చింది, అద్దాలు లేనివాళ్లతో పోలిస్తే పెట్టుకున్నవాళ్లు కోసిన ఆకు బరువు సుమారు 22 శాతం ఎక్కువ పెరిగిందని అందులో తేలింది. మన దగ్గర కుట్టుపని, మగ్గం, బంగారం పని చేసేవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

మరి గొడవ ఎక్కడ? అద్దంలో లేదు. ఆ అద్దం కొనుక్కుని "నా కళ్లకు చూపించుకున్నా" అనుకోవడంలో ఉంది.

బండి దగ్గర జరిగేది మీరూ చూసే ఉంటారు. గొడుగు కింద అట్ట మీద వరసగా ఫ్రేములు, ఒక్కోదాని అద్దం మీద చిన్న స్టిక్కర్, 1.00 నుంచి 3.50 దాకా నంబర్లు. "వయసెంతప్పా? నలభై ఎనిమిదా, అయితే రెండు పెట్టి సూడు" అని చేతికి పాత పేపర్ ముక్క ఇస్తాడు. ఈ పద్ధతి చూసి నవ్వుకోనక్కర్లేదు, చత్వారం నిజంగానే వయసును బట్టి నడుస్తుంది. నలభై నాలుగైదుకు ఒకటి, యాభైకి ఒకటిన్నర నుంచి రెండు, అరవైకి రెండున్నర అటూఇటూ. ఆ తర్వాత పెద్దగా పెరగదు, ఎందుకంటే పుస్తకం పట్టుకునే దూరం 40 సెంటీమీటర్లు, ఆ దూరానికి మొత్తం కావాల్సిందే రెండున్నర. కాబట్టి దూరపు చూపుకు అద్దాలు అక్కర్లేని మనిషికి 3.00, 3.50 కావాల్సి వస్తోందంటే అక్కడే ఆగి ఆలోచించాలి. ఈ సంగతి తర్వాత చెప్తా.

ఆప్టికల్ షాపులో వెయ్యి, రెండు వేలు పెడితే వచ్చే లాభం కూడా నిజమైందే. బండి అద్దాల్లో రెండు కళ్లకూ ఒకే పవర్ ఉంటుంది, కంటి వంపు అన్నివైపులా సమానంగా లేనివాళ్లకు కావాల్సిన సిలిండర్ నంబర్ ఉండదు. రెండు అద్దాల మధ్య దూరం అందరికీ ఒకటే, మీ కళ్ల మధ్య దూరం దానికి బాగా తేడాగా ఉంటే చూపు కాస్త లాగినట్టుంటుంది, పవర్ పెరిగే కొద్దీ ఆ లాగుడు ఎక్కువవుతుంది. రోజూ పొద్దున పావుగంట పేపర్ చూసేవాళ్లకు ఇదంతా పట్టదు. రోజుకు ఎనిమిది గంటలు మిషన్ మీద కూర్చునే టైలర్‌కు పడుతుంది, అలాంటివాళ్లు కొలతలు తీయించుకుని చేయించుకుంటేనే మేలు. ఒక కంటికి, ఇంకో కంటికి అర పాయింటు మించి తేడా ఉన్నా, చిన్నప్పటి నుంచి దూరపు చూపుకు అద్దాలున్నా బండి జోలికి పోవద్దు.

ఇంతవరకు చాలామందికి తెలిసిందే. తెలియనిది ఏమిటంటే, ఆప్టికల్ షాపులో గడ్డం ఆనించి బెలూనో ఇల్లో బొమ్మ చూపించే ఆ "కంప్యూటర్ టెస్టింగ్" కూడా పవర్‌నే కొలుస్తుంది. కంటి లోపలి నరం ఎలా ఉందో, కంటి ప్రెషర్ ఎంతుందో, రెటీనా మీద రక్తం చుక్కలు ఉన్నాయో లేదో అది చూడదు. కాబట్టి జబ్బు కనిపెట్టే విషయంలో బండికీ, ఏసీ షాపుకీ పెద్ద తేడా లేదు. బండివాడైనా నయం, పరీక్ష చేశానని చెప్పడు.

అద్దం జబ్బును దాచడం ఎలా ఉంటుందో ఒక మనిషి కథ చెప్తా, మాకు తెలిసిన ఆదోని టైలరన్న. యాభై ఏళ్లప్పుడు బండి మీద 2.00 కొన్నాడు, హాయిగా నడిచింది. యాభై మూడుకు 2.50 పెట్టాడు. ఆ పై ఏడాది 3.00, ఇంకో ఏడాదికి 3.50. "ఈ మధ్య సరుకు బాగా రావడం లేదబ్బా" అని బండివాళ్లను తిట్టుకునేవాడు. నిజానికి ప్రతిసారీ కొత్త అద్దం పనిచేసేది, చిక్కంతా అక్కడే. 3.50 పెట్టుకుంటే చదివే వస్తువును కంటికి దగ్గరగా, దాదాపు 28 సెంటీమీటర్లకు తెచ్చుకోవాలి, అంత దగ్గరకు వస్తే అక్షరమైనా కుట్టైనా పెద్దగా కనబడుతుంది. కంటి నరం దెబ్బతిని చూపు మసకబారుతుంటే ఈ పెద్దగా కనబడటం ఆ లోటును కొన్నాళ్లు పూడుస్తుంది. మనిషికి మాత్రం "నంబర్ పెరిగింది" అనే అనిపిస్తుంది.

కూతురు పట్టుబట్టి ఒక కన్ను మూసి చూడమంటే బయటపడింది. కుడి కంటితో సూది మొన కనబడుతోంది, ఎడమ కంటితో సూది పట్టుకున్న వేళ్లలో సగం లేవు. ఆసుపత్రిలో చూస్తే కంటి ప్రెషర్ ఎడమ వైపు 34, కుడి వైపు 28. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉంటుంది. గ్లకోమా, మన పెద్దలు నీటి కాసులు అనేది ఇదే. దీంట్లో చాలా రకాలకు నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పక్క చూపు మెల్లగా పోతూ నట్టనడిమి చూపు చివరిదాకా మిగులుతుంది, చదవడానికి కావాల్సింది ఆ నడిమి చూపే. పైగా ఒక కంట్లో పోయిన భాగాన్ని రెండో కన్ను నింపేస్తుంది. అందుకే రెండు కళ్లు తెరుచుకుని, బండి దగ్గర పేపర్ ముక్క చదివి, సంబరంగా ఇంటికొచ్చే మనిషికి ఈ జబ్బు ఉండొచ్చు. ఎల్వీ ప్రసాద్ కంటి సంస్థ వాళ్లు 1996 నుంచి 2000 వరకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సర్వేలో గ్లకోమా ఉన్నవాళ్లలో పదిలో తొమ్మిది మందికి పైగా తమకు ఆ జబ్బుందని తెలియనివాళ్లే.

టైలరన్నకు రాత్రిపూట వేసుకునే చుక్కలిచ్చారు, ప్రెషర్ 16కు దిగింది. ఎడమ కంట్లో పోయిన చూపు తిరిగి రాలేదు, రాదు కూడా. మిగిలింది నిలబెట్టుకోవడమే వైద్యం. గ్లకోమా కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి తోబుట్టువులనూ పిలిపించారు, వాళ్లన్నకు మొదటి దశలో దొరికింది. ఆయన చూపు ఇంకా ఏమీ పోలేదు.

ఇక డాక్టర్ దగ్గర ఏం చేస్తారంటే, ఒక్కో కన్ను విడిగా చదివిస్తారు, స్లిట్ ల్యాంప్ మీద కన్ను ముందు భాగం చూస్తారు, ప్రెషర్ కొలుస్తారు, తర్వాత చుక్కలు వేసి అరగంట కూర్చోబెట్టి పాప పెద్దదయ్యాక లోపలి నరం, రెటీనా చూస్తారు. చుక్కలు వేయకుండా పంపిస్తే నలభై దాటినవాళ్లు "సార్, చుక్కలేసి వెనక భాగం చూడరా?" అని అడగాలి, మొహమాటం వద్దు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, పొద్దున్నే పోతే జనం ఉంటారు గానీ పని జరుగుతుంది. 2019 అక్టోబరులో అనంతపురంలో మొదలుపెట్టిన కంటి వెలుగు లాంటి క్యాంపుల్లో అద్దాలు తీసుకున్నవాళ్లు కూడా ఆ కాగితం తీసి చూసుకోండి, అందులో పవర్ మాత్రమే రాసుంటే లోపలి పరీక్ష ఇంకా మిగిలుందని అర్థం.

సుగర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. సుగర్ హెచ్చుతగ్గులవుతున్న రోజుల్లో కంటి లోపలి కటకం నీరు పట్టి పవర్ మారిపోతుంది, ఆ వారం కొన్న అద్దాలు వచ్చే నెలకు పనికిరావు, బండి మీదవైనా షాపులోవైనా. సుగర్ కుదుటపడి కొన్ని వారాలయ్యాకే నంబర్ చూపించుకోవాలి. రెటీనా దెబ్బతినడం కూడా మొదట్లో ఏమీ తెలియనివ్వదు, కాబట్టి అక్షరాలు కనబడుతున్నా కనబడకపోయినా ఏడాదికోసారి చుక్కల పరీక్ష తప్పదు. అలాగే అరవై దాటాక "నాకిప్పుడు అద్దాలు లేకుండానే సన్న అక్షరాలు కనబడుతున్నాయి" అని మురిసిపోయే జేజిలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు. చాలాసార్లు అది శుక్లం గట్టిపడుతున్న గుర్తు, దగ్గరి చూపు బాగుపడిన ఆ ముచ్చట కొన్నాళ్లే, ఆలోపు దూరపు చూపు మసకేస్తుంది.

బండి మీద కొనేటప్పుడు ఇలా చేయండి. మీరు పనిచేసే దూరంలో పేపర్ పట్టుకుని, సుఖంగా చదవగలిగే అన్నిటికన్నా తక్కువ నంబర్ తీసుకోండి, ఇంకా నల్లగా కనబడుతోందని పెద్దది తీసుకోవద్దు. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు స్క్రీన్ దూరానికి చూసుకోవాలి, చదివే నంబర్ కంటే అది తక్కువే ఉంటుంది. అద్దాన్ని చెయ్యి చాపి పట్టుకుని షట్టర్ గీతనో గోడ అంచునో దాంట్లోంచి చూస్తూ కదపండి, గీత పాములా మెలికలు తిరిగితే అది నాసిరకం. తర్వాత అరచేత్తో, నొక్కకుండా, ఒక కన్ను మూసి చదవండి, రెండోది మూసి చదవండి. రెండూ సమానంగా ఉంటే డబ్బులివ్వండి. ఒకటి తేడాగా ఉన్నా, గీతలు వంకరగా కనబడినా, రాత్రి లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనబడినా, ఏడాదిలోపే నంబర్ మళ్లీ పెంచాల్సి వస్తున్నా, ముప్పై ఐదు కూడా నిండకుండానే దగ్గరి చూపు తగ్గినా, ఇంట్లో ఎవరికైనా గ్లకోమా ఉన్నా, అద్దం అక్కడే పెట్టేసి డాక్టర్ దగ్గరికి పోండి. ఉబ్బసానికో కీళ్లనొప్పులకో స్టెరాయిడ్లు చాన్నాళ్లుగా వాడుతున్నవాళ్లు, దురదకని మెడికల్ షాపు చుక్కలు ఊరికే వేసుకునేవాళ్లు కూడా, ఆ మందులు కంటి ప్రెషర్ పెంచగలవు. చూపు ఉన్నట్టుండి తగ్గితే, కన్ను ఎర్రబడి విపరీతంగా నొప్పి, వాంతులు వస్తే ఆరోజే, ఆ గంటే పోవాలి.

ఆ లక్షణాలేవీ లేకపోయినా నలభై దాటాక ఒకసారి చుక్కల పరీక్ష చేయించుకుని, అంతా బాగుందంటే ఆ తర్వాత అద్దాలు బండి మీదే కొనుక్కోండి, మళ్లీ ఎప్పుడు రావాలో డాక్టర్నే అడిగి రాయించుకోండి. చుక్కలేశాక నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, ఎండ గుచ్చుకుంటుంది, కాబట్టి బైక్ ఇంట్లో పెట్టి వెంట ఒకరిని తీసుకుని పోండి, ఇప్పుడు వాడుతున్న అద్దాలు, సుగర్ రిపోర్ట్, వేసుకుంటున్న మాత్రల అట్టలు సంచిలో వేసుకోండి.