స్కాలర్‌షిప్ డబ్బు: కాలేజీకి కట్టాలా, పిల్లల ఖాతాలో వేయాలా?

గుంటూరు, విజయవాడల్లో పూర్వ విద్యార్థులు కలిసి స్కాలర్‌షిప్ నిధి పెట్టుకున్నప్పుడల్లా నన్ను అడిగేది ఇదే. అర్హత, ఎంపిక గురించి పెద్దగా పేచీ రాదు. ఆదాయ ధ్రువపత్రం, మార్కుల జాబితా చూసి, ఒకసారి ఇంటికి వెళ్లి మాట్లాడితే చాలావరకు తేలిపోతుంది. డబ్బు ఎలా ఇవ్వాలన్న దగ్గరే కమిటీ రెండుగా చీలుతుంది.

కాలేజీకే కట్టేస్తే రశీదు వస్తుంది, డబ్బు ఇంటి ఖర్చులకు పోతుందన్న భయం ఉండదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాని పిల్లలకు, అంటే మేనేజ్‌మెంట్ కోటాలో చేరినవాళ్లకు, ఇదే మంచి పద్ధతి.

కానీ మన దగ్గరికి వచ్చే దరఖాస్తుల్లో ఎక్కువమందికి రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఆ సొమ్ము కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో పడింది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే అన్నారు. మనం కూడా అదే ట్యూషన్ ఫీజు కట్టామనుకోండి, ప్రభుత్వం డబ్బు వచ్చాక కాలేజీకి ఒకే ఫీజు రెండుసార్లు చేరినట్టే. దాన్ని వెనక్కి రాబట్టడానికి ఆ పిల్ల ఆఫీసు చుట్టూ తిరగాలి.

తెనాలి నుంచి వచ్చి గుంటూరులో హాస్టల్లో ఉంటూ బీటెక్ చదివే అమ్మాయికి ఏడాదికి 30,000 ఇస్తున్నారనుకుందాం. ఆమెకు ట్యూషన్ ఫీజు సమస్య కాదు. మెస్ బిల్లు, పరీక్ష ఫీజు, పుస్తకాలే సమస్య. అందుకే నేను ఖాతా వైపే మొగ్గుతాను, కానీ అంతా ఒకేసారి వేయకూడదు. కాలేజీ తెరిచినప్పుడు 12,000, ఆ తర్వాత నెలకు 3,000 చొప్పున ఆరు నెలలు. మెస్ బిల్లు కట్టే తేదీకి వారం ముందు పడాలి. మొదటిసారి ఒక్క రూపాయి పంపి, చేరిందని ఆమె చెప్పాకే మిగతాది పంపండి. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా డబ్బు ఇంకొకరికి పోవచ్చు.

వేదిక మీద చెక్కు ఇవ్వడం ఫొటోకు బాగుంటుంది, అంతే.

రెన్యువల్ షరతు కూడా ఈ వాయిదాలకు సరిపోవాలి. ఫలితాలు వచ్చాకే తర్వాతి వాయిదా అని రాస్తే, రీవాల్యుయేషన్ అయ్యేదాకా డబ్బు ఆగిపోతుంది, మెస్ బిల్లు మాత్రం ఆగదు. కాబట్టి నెలవారీ వాయిదాలకు హాజరు ఒక్కటే చూడండి. 75 శాతం అంటే కాలేజీ కూడా అడిగేదే. మార్కులను ఏడాదికోసారి, వచ్చే ఏడాది కొనసాగించాలా వద్దా అన్నప్పుడు చూస్తే చాలు. "ఒక్క సబ్జెక్టు పోయినా రద్దు" అని మాత్రం రాయకండి. మొదటి ఏడాది మ్యాథ్స్ పోయి, సప్లిమెంటరీలో గట్టెక్కే పిల్లలు చాలామంది ఉంటారు. రెండు సబ్జెక్టుల వరకు పోయినా కొనసాగించి, సప్లిమెంటరీ ఫీజు కూడా నిధి నుంచే కట్టవచ్చని మార్గదర్శకాల్లో ఒక వాక్యం చేర్చండి.