పని వేళలు దాటిన మీటింగును మర్యాదగా కాదనాలంటే ఏది మేలు?

పని వేళలు ముగిశాక ఎప్పుడో జరగవలసిన మీటింగుకు ఆహ్వానం వచ్చినప్పుడు, దాన్ని కాదంటూనే మరో వేళ చూపించడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి. క్యాలెండర్‌లోనే ఉన్న బటన్ నొక్కి కొత్త వేళ సూచించడం ఒకటి. మన ఖాళీ వేళలు కనిపించే బుకింగ్ లింకు పంపడం రెండోది. ఇరుపక్షాల పని వేళల్లోనూ ఇమిడే రెండు వేళలను మనమే వెతికి నాలుగు వాక్యాల జవాబులో రాయడం మూడోది. మూడింటిలోనూ మర్యాద లోపమేమీ లేదు. వెతికే శ్రమ ఎవరి మీద పడుతుంది, ఎన్ని ఉత్తర ప్రత్యుత్తరాలకు విషయం తేలుతుంది అన్న చోటే తేడా వస్తుంది. ఇద్దరు ముగ్గురు మాత్రమే పాల్గొనే మీటింగులకు మూడో మార్గమే మేలని నా అభిప్రాయం. అలా ఎందుకు అనుకుంటున్నానో ఒక సందర్భాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

సింగపూర్‌లో ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు పనిచేసే ఒకరికి లండన్ నుంచి అరగంట మీటింగుకు ఆహ్వానం వచ్చిందనుకుందాం. తేదీ 2026 జులై 14, మంగళవారం. పిలిచినవారికి అది మధ్యాహ్నం 2:30, అంటే భోజనం ముగించుకుని తీరికగా కూర్చునే వేళ. వేసవిలో సింగపూర్ గడియారం లండన్ కంటే 7 గంటలు ముందుంటుంది కాబట్టి అందుకున్నవారికి అది రాత్రి 9:30. ఇలాంటి ఆహ్వానాలు చాలావరకు పట్టింపు లేక పంపేవి కావు. పంపేవారి క్యాలెండర్‌లో ఆ గడి పగటి వెలుగులోనే కనిపిస్తుంది, అవతలివారి గడియారం అక్కడ కనిపించదు. అందువల్ల జవాబులో నొచ్చుకున్న స్వరం వినిపించాల్సిన పని లేదు. వారికి కనిపించని గడియారాన్ని చూపిస్తే చాలు.

మొదటి మార్గం అన్నిటికన్నా సులువు. గూగుల్ క్యాలెండర్‌లో Propose a new time, ఔట్‌లుక్‌లో Decline and Propose New Time అన్నవి ఇందుకోసమే ఉన్నాయి. ఒకే సంస్థలో పనిచేసేవారి మధ్య ఇది చక్కగా నడుస్తుంది, ఎందుకంటే వేళ సూచించేటప్పుడే అవతలివారి క్యాలెండర్‌లో ఏ గడి నిండి ఉందో, ఏది ఖాళీగా ఉందో కనిపిస్తుంది. పిలిచినవారు సరేనంటే మీటింగు కొత్త వేళకు జరుగుతుంది, కొత్తగా ఏదీ రాయనక్కరలేదు. అవతలివారు వేరే సంస్థవారైతే మాత్రం ఈ సౌకర్యం సగానికి సగం తగ్గిపోతుంది. వారి క్యాలెండర్ మనకు సాధారణంగా కనిపించదు కాబట్టి చీకట్లో రాయి వేసినట్టు ఒక వేళ ఊహించి పంపాలి. పైగా ఒక జవాబులో ఒకే వేళ సూచించగలం. అది కుదరకపోతే మళ్లీ మొదటికే వస్తాం, రెండు దేశాల మధ్య అలాంటి ఒక్క రాకపోకకే ఒక రోజు గడిచిపోతుంది. ఇంకో లోపం కూడా ఉంది. ఆ సూచన మీటింగు ఏర్పాటు చేసినవారికే చేరుతుంది. మిగతావారు మనం రామన్నామనే అనుకుంటారు, వేరే వేళ అడిగామన్న సంగతి వారికి తెలియదు.

బుకింగ్ లింకు సంగతి వేరు. చూసేవారి స్థానిక కాలమానంలోనే వేళలు కనిపించడం, ఒకరు ఎంచుకోగానే ఆ గడి ఇంకొకరికి దొరకకుండా పోవడం దాని గొప్ప గుణాలు. వారానికి పది మంది కొత్తవారు సమయం అడిగే ఉద్యోగంలో ఉన్నవారికి దీన్ని మించినది లేదు. కానీ మనం చూస్తున్న సందర్భంలో రెండు చోట్ల ఇది తడబడుతుంది. మామూలుగా అమర్చిన లింకుకు మన పని వేళలే తెలుసు, అవతలివారివి తెలియవు. సింగపూర్‌లోని వ్యక్తి ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు ఖాళీలన్నీ తెరిచి పెడితే, లండన్‌లో లింకు తెరిచినవారికి అవి తెల్లవారుజామున 2 నుంచి ఉదయం 11 వరకు కనిపిస్తాయి. అందులో వారికి పనికొచ్చేవి చివరి రెండు గంటలే, వాటిని ఏరుకోవడం వారి వంతు అవుతుంది. రెండోది మనసుకు సంబంధించిన విషయం. తానుగా ఒక వేళ అనుకుని పిలిచినవారికి వివరణ లేకుండా లింకు ఒక్కటే పంపితే, పలకరిస్తే వరుసలో నిలబడమన్నట్టు ఉంటుంది. లింకే పంపవలసి వస్తే, ఆ రెండు గంటలు మాత్రమే తెరిచిన ప్రత్యేక పేజీ తయారుచేసి, ఈ వేళలు మీకూ పని గంటల్లోనే పడేలా చూశానని ఒక వాక్యం జోడిస్తే ఆ ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది.

ఇక మూడో మార్గం. ముందుగా ఇరువురి పని వేళలూ కలిసే భాగాన్ని కనుక్కోవాలి. రెండు ప్రారంభ వేళలనూ ఒకే కాలమానంలోకి మార్చుకుని ఆలస్యమైనదాన్ని తీసుకోవాలి, ముగింపు వేళల్లో ముందుగా వచ్చేదాన్ని తీసుకోవాలి. లండన్‌లో పని ఉదయం 9కి మొదలైతే అది సింగపూర్‌లో సాయంత్రం 4. సింగపూర్‌లో పని సాయంత్రం 6కి ముగుస్తుంది. అంటే సింగపూర్‌లో 4 నుంచి 6 వరకు, లండన్‌లో 9 నుంచి 11 వరకు ఉన్న ఆ రెండు గంటలే ఇద్దరికీ చెందిన సమయం. అందులోనూ మొదటి అరగంటను వదిలేయడం మంచిదని అనుభవం చెబుతుంది. అప్పుడే వచ్చి కూర్చున్నవారు రాత్రి చేరిన ఉత్తరాలైనా చూడకుండా మీటింగులోకి రావలసి వస్తుంది.

తరువాత ఆ రెండు గంటల్లోంచి అడిగిన వేళకు అతి దగ్గరగా ఉన్నవి ఎంచాలి. దగ్గర అంటే తరువాతది మాత్రమే కాదు, ముందుదీ కావచ్చు. మంగళవారం రాత్రి 9:30కి దగ్గరగా వెనక్కి చూస్తే అదే రోజు సాయంత్రం 5:30 ఉంది, తేడా నాలుగు గంటలే. ముందుకు చూస్తే బుధవారం సాయంత్రం 4:30 వస్తుంది, తేడా 19 గంటలు. లెక్క ప్రకారం మొదటిదే దగ్గర. అయినా రెండూ ఇవ్వాలి, ఎందుకంటే మంగళవారం ఉదయం వారి చేతికి రావలసిన సమాచారమేదో ఉండి ఆ మీటింగును మధ్యాహ్నానికి పెట్టుకుని ఉండవచ్చు, ఆ సంగతి మనకు తెలియదు. ముందు ఒకటి, తరువాత ఒకటి ఉంటే రెండు పరిస్థితులకూ సరిపోతుంది. ఐదారు వేళలు ఇస్తే ఎంచుకోవడమే మరో పని అయి జవాబు వాయిదా పడుతుంది.

జవాబు ఇలా ఉంటే సరిపోతుంది:

"నమస్కారం. ఈ విషయం మీతో మాట్లాడాలని నేనూ అనుకుంటున్నాను. మంగళవారం మీ మధ్యాహ్నం 2:30 ఇక్కడ రాత్రి 9:30, అది నా పని వేళల తరువాత కావడంతో ఆ సమయానికి రాలేను. దానికి దగ్గరగా ఇద్దరికీ పని గంటల్లోనే పడే వేళలు రెండు ఉన్నాయి: జులై 14 మంగళవారం లండన్ ఉదయం 10:30 (సింగపూర్ సాయంత్రం 5:30), లేదా జులై 15 బుధవారం లండన్ ఉదయం 9:30 (సింగపూర్ సాయంత్రం 4:30). సోమవారం మీ మధ్యాహ్నం వరకు రెండింటినీ మీకోసం ఖాళీగా ఉంచుతాను."

ఇందులో వారి వేళ ముందు, మన వేళ తరువాత రాయడం యాదృచ్ఛికం కాదు. చదివేవారు లెక్క వేసుకోకుండానే సరే అనగలగాలి. ఒకసారి నేను కాలమానం పేరు రాయకుండా "బుధవారం 4:30" అని మాత్రమే పంపాను. అవతలివారు దాన్ని తమ 4:30 అనుకుని సంతోషంగా ఒప్పుకున్నారు. అది నాకు రాత్రి 11:30 అయింది, తప్పించుకోవాలని చూసిన వేళకన్నా అన్యాయమైన వేళ నా మాట వల్లనే ఖాయమైంది.

కారణం చెప్పే తీరులోనూ జాగ్రత్త అవసరం. మొహమాటపడి "ఆ రోజు వేరే పని ఉంది" అని రాసేవారు చాలామంది. మర్యాదగానే ఉంటుంది గానీ, అవతలివారికి అందే సమాచారం తప్పు. అడ్డు ఆ రోజుతోనే అని వారు నమ్మి మరునాడు అదే రాత్రి 9:30కి పిలుస్తారు, మనం రెండో సాకు వెతుక్కోవాలి. అడ్డు రోజుతో కాదు, గంటతో అని మొదటి జవాబులోనే తెలిస్తే ఆ తరువాతి ఆహ్వానాలు కూడా సరైన చోటే పడతాయి. దీనికి క్షమాపణల వరుస అక్కరలేదు. మీటింగు విషయం మీద ఆసక్తి చూపే మొదటి వాక్యమే, కాదన్నది వేళను గాని మనిషిని కాదని చెబుతుంది.

మూడో మార్గానికున్న బలహీనత ఏమిటంటే, జవాబు వచ్చేలోపు మనం ఇచ్చిన వేళను మన సంస్థలోనే ఎవరో ఆక్రమించవచ్చు. అందుకే ఉత్తరం పంపేముందే ఆ రెండు గడులనూ క్యాలెండర్‌లో తాత్కాలికంగా నింపుకోవాలి, గడువు దాటగానే తీసేయాలి. గడువు రాయకపోతే ఆ గడులను వారాల తరబడి మోయవలసి వస్తుంది. పాల్గొనేవారు ఐదుగురు దాటి, మూడు నాలుగు దేశాలలో ఉంటే ఈ చేతి లెక్క తట్టుకోలేదు. అప్పుడు అందరూ తమకు వీలైన వేళలు గుర్తుపెట్టే పోల్ పంపడమే దారి.

ప్రతివారం జరిగే మీటింగుకు ఇదే పద్ధతి వాడితే అక్టోబరులో ఒక చిక్కు వస్తుంది. బ్రిటన్ గడియారాలు అక్టోబరు చివరి ఆదివారం, అంటే 2026లో 25వ తేదీన, గంట వెనక్కి వెళతాయి. సింగపూర్‌లో గడియారం మారదు. తేడా 8 గంటలై, కలిసే రెండు గంటలు ఒక గంటకు తగ్గిపోతాయి: లండన్ 9 నుంచి 10, సింగపూర్ 5 నుంచి 6. జులైలో లండన్ 10:30కి ఒప్పుకున్న వారపు మీటింగు అప్పటిదాకా సింగపూర్‌లో సాయంత్రం 5:30, ఆ ఆదివారం తరువాత 6:30. ఎవరూ ఏమీ మార్చకుండానే అది పని వేళలు దాటిపోతుంది. లండన్ 9:30ని లండన్ కాలమానంలోనే ఖాయం చేస్తే వేసవిలో సింగపూర్ 4:30, చలికాలంలో 5:30 అవుతుంది, రెండు కాలాల్లోనూ ఇద్దరికీ పని గంటల్లోనే ఉంటుంది. అదే 4:30ని సింగపూర్ కాలమానంలో ఖాయం చేస్తే చలికాలంలో లండన్‌వారికి ఉదయం 8:30కి పిలుపు వెళుతుంది. కాబట్టి వారపు మీటింగుకు వేళ సూచించేటప్పుడు ఏ కాలమానంలో ఏర్పాటు చేయాలో కూడా జవాబులో అడగడం అవసరం.

లండన్ బదులు లాస్ ఏంజెలెస్ అయితే పరిస్థితి పూర్తిగా మారుతుంది. అక్కడ 9 నుంచి 5 వరకు పనిచేసేవారి రోజు, వేసవిలో సింగపూర్ అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 8 వరకు, చలికాలంలో 1 నుంచి 9 వరకు సాగుతుంది. కలిసే నిమిషం ఏడాది పొడవునా ఒక్కటీ లేదు. ఇక్కడ రెండు వేళలు చూపిస్తానని మాట ఇవ్వడమే తప్పు. కలిసే గంట లేదన్న సంగతిని సూటిగా రాసి, విషయాన్ని ముందుగా ఉత్తరాల్లో తేల్చుకుందామని అడగాలి. తప్పనిసరిగా మాట్లాడాలంటే ఒకసారి మేము ఉదయం 7:30కి వస్తాం, మరుసటిసారి మీరు సాయంత్రం 6కి కూర్చోండి అని వంతులు ప్రతిపాదించాలి. వేసవిలో మన ఉదయం 7:30 వారికి ముందురోజు సాయంత్రం 4:30, వారి సాయంత్రం 6 మనకు మరునాడు ఉదయం 9 కాబట్టి, ఆ జవాబులో వేళతో పాటు ఇరుపక్షాల వారం పేరూ తేదీ కూడా తప్పక రాయాలి.