నాలుగేళ్లుగా బిట్‌కాయిన్ డైలీ చార్ట్‌పై ఇచిమోకు: మేఘంలోని చదును గీత గురించి

జపాన్ పాత్రికేయుడు గోయిచి హొసోడా రూపొందించి, 1969లో పుస్తకంగా వెలువరించిన, ధరల చార్ట్ చదివే ఇచిమోకు పద్ధతిని నాలుగేళ్లుగా 9, 26, 52 అనే అసలు సెట్టింగ్‌లతోనే వాడుతున్నాను. ఇందులో చార్ట్‌పై రెండు గీతల మధ్య రంగు నింపి చూపే భాగాన్ని మేఘం అంటారు. ఈ కాలంలో నాకు బాగా ఉపయోగపడింది మేఘం రంగు కాదు, దాని అంచుల్లో ఒకటైన సెన్కో స్పాన్ బి. గత 52 రోజుల గరిష్ఠ, కనిష్ఠ ధరల మధ్య బిందువును 26 రోజులు ముందుకు జరిపి గీస్తే వచ్చే గీత ఇది. ఆ రెండు ధరలూ మారనంత కాలం గీత చదునుగా ఉంటుంది కనుక, అది ఎంత పొడవుగా సాగితే ఆ స్థాయి దగ్గర ధర ఆగే అవకాశం అంత ఎక్కువని నేను గమనించాను.

2023 జనవరిని తీసుకుందాం. అంతకు ముందు నవంబర్‌లో గరిష్ఠం సుమారు 21,500 డాలర్లు, కనిష్ఠం సుమారు 15,500. అందువల్ల అప్పుడు మేఘం పై అంచుగా ఉన్న ఈ గీత 18,500 దగ్గర దాదాపు ఐదు వారాలు కదలకుండా నిలిచింది. జనవరి 12న, ఆ రోజు ధరల కదలికను చూపే క్యాండిల్ దానికి పైన, 18,850 ప్రాంతంలో ముగిసింది. అదే రోజు ముగింపు ధరను 26 రోజులు వెనక్కి జరిపి చూపే చికో గీత, డిసెంబర్ మధ్యనాటి 16,800 స్థాయికి చాలా పైన ఉండడమే కాక, దాని దారిలో అడ్డుగా ఒక్క క్యాండిల్ కూడా లేదు. ఊపు నిజమైనదని నేను నమ్మింది అందువల్లనే. రెండు రోజుల్లో ధర 20,000 దాటింది.

రోజు క్యాండిల్ మన సమయం ప్రకారం తెల్లవారి 5:30కి ముగుస్తుంది. తొలి రోజుల్లో రాత్రి పదకొండింటికే ధర మేఘం దాటిందని కొని, పొద్దున లేచేసరికి ధర పైకి వెళ్లి వెనక్కి వచ్చిందని చెప్పే సన్నని గీత, అంటే పొడవాటి విక్ మాత్రమే మిగిలి ఉండడం చూసి నష్టపోయాను. ఇప్పుడు ముగింపు చూడనిదే ఆర్డర్ పెట్టను.

మేఘం కుడివైపు ముందే కనిపిస్తుంది కనుక అది జోస్యమని చాలామంది అనుకుంటారు. అది ఇప్పటికే జరిగిన ధరల లెక్క మాత్రమే. గీత కదిలినప్పుడు కూడా, కొత్త ధర వచ్చి కదిలిందా, పాత గరిష్ఠం 52 రోజుల లెక్క నుంచి జారిపోయి కదిలిందా అని చూడాలి. రెండో కారణంతో వచ్చిన మలుపుకు నేను విలువ ఇవ్వను.

పడే ధరను ఆపే స్థాయిగా, అంటే సపోర్ట్‌గా, ఈ గీతకున్న పరిమితిని 2023 మార్చి 10 చూపించింది. అమెరికాలో బ్యాంకులు కూలుతున్న ఆ రోజు ధర, అప్పటికి మేఘం అడుగు అంచుగా ఉన్న ఈ గీతను 20,300 దగ్గర దాటి 19,600 దాకా దిగి, నాలుగు రోజుల్లో 24,000కు పైకి వెళ్లింది. అందుకే నష్టం పెరగకుండా అమ్మేసే స్టాప్ ఆర్డర్‌ను సరిగ్గా అంచు మీద కాకుండా, ఇటీవలి రోజుల సగటు కదలికంత దూరంలో, దాని కింద పెడుతున్నాను.