పాఠ్యపుస్తకం ఎంపికలో ఖాళీల పరీక్ష: కొన్నేళ్లు వాడాక నా మాట

బడికి కొత్త పుస్తకం ఎంచుకునేటప్పుడు టీచర్లు నింపే మూల్యాంకన పత్రం అందరికీ తెలిసిందే. విషయం సరిగ్గా ఉందా, భాష పిల్లల స్థాయికి తగ్గట్టు ఉందా, కృత్యాలు చేయించదగ్గవేనా, ఎవరి మీదైనా చిన్నచూపు ఉందా అని నాలుగు గడులుంటాయి. ఒక్కో గడికి అయిదు మార్కులు. మా బడిలోనూ అదే వాడతాం. నేను రాస్తున్నది మాత్రం ఆ పత్రానికి మేం తర్వాత జోడించుకున్న ఒక్క భాగం గురించి. పాఠంలోంచి కొన్ని మాటలు తీసేసి పిల్లలతో నింపించే ఆ పరీక్ష పేరు క్లోజ్ టెస్ట్, మేం ఖాళీల పరీక్ష అంటాం. పుస్తకాల కమిటీలో కూర్చున్నన్నాళ్లలో నాకు నిజంగా ఉపయోగపడింది ఇదే. ఇప్పుడు ఇది లేకుండా పుస్తకం ఎంచుకోవాలంటే నాకు టెన్షన్.

అంతకుముందు భాష గడి ఎలా నిండేదో చెప్తాను. పుస్తకం తిరగేసి, మధ్యలో ఒక పేజీ చదివి, "భాష సరళంగా ఉంది" అని నాలుగు మార్కులు వేసేవాళ్లం. చదివేది మేం, మాకు అన్నీ సరళమే. ఇంగ్లీషు పుస్తకాల భాష ఎంత కష్టమో కొలవడానికి వాడే ఫ్లెష్ సూత్రం లాంటివి తెలుగులో నమ్మడానికి లేదు. అవి వాక్యంలో ఎన్ని మాటలు, మాటలో ఎన్ని అక్షరాలు అని లెక్కేస్తాయి. "జలాశయోపరితల బాష్పీభవనం నిరంతరం సంభవిస్తుంది" అన్నదాంట్లో నాలుగే మాటలు. "మధ్యాహ్నం ఎండలో ఆరేసిన బట్టల్లో నీళ్లు సాయంత్రానికల్లా ఎక్కడికి పోతాయో నువ్వెప్పుడైనా గమనించావా?" అన్నదాంట్లో పది. వాక్యం పొడవు చూస్తే మొదటిదే తేలిక అనుకోవాలి. ఆరో తరగతి పిల్లలు ఏది గడగడా చదువుతారో వేరే చెప్పక్కర్లేదు. పోనీ మాట పొడవు చూద్దామా అంటే తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటకే అతుక్కుంటాయి కాబట్టి "సాయంత్రానికల్లా" లాంటి ఇంటి మాట కూడా కష్టమైన మాటల లెక్కలోకి పోతుంది.

ఖాళీల పరీక్షలో లెక్కలు వేయడం కాకుండా పిల్లల్నే అడుగుతాం. 1953లో విల్సన్ టేలర్ పెట్టిన పద్ధతి ఇది. పిల్లలు ఇంకా చదవని పాఠంలోంచి ఒక భాగం తీసుకుని, మొదటి వాక్యం అలాగే ఉంచి, అక్కణ్నుంచి ప్రతి అయిదో మాట తీసేసి గీత పెట్టాలి. మాట చిన్నదైనా పెద్దదైనా గీతలన్నీ ఒకే పొడవు ఉండాలి. టైం పెట్టకూడదు. అసలు పద్ధతిలో యాభై ఖాళీలు ఉంటాయి. మా ఆరో తరగతికి అంత ఓపిక ఉండదని పాతిక చొప్పున రెండు పాఠాల్లోంచి ఇస్తాం. పుస్తకంలో ఉన్న మాటే రాస్తేనే మార్కు, అక్షరదోషాలు పట్టించుకోం. 1960ల్లో జాన్ బోర్ముత్ ఇంగ్లీషు చదివే పిల్లల మీద చేసిన పని ప్రకారం నూటికి 44 వస్తే టీచరు సాయంతో చదవగల పుస్తకం, 57 దాటితే పిల్లలు సొంతంగా చదువుకోగలరు. ఈ అంకెలను తెలుగుకు ఉన్నవున్నట్టు వాడకూడదు. అదెందుకో ఒక ఉదాహరణతో చెప్తాను.

ఒక ఏడాది ఆరో తరగతి తెలుగు మీడియం సైన్సుకు రెండు పుస్తకాలు చివరిదాకా వచ్చాయి. మొదటిది రంగుల బొమ్మలతో, మంచి కాగితంతో ఉంది. రెండోది సాదాగా ఉంది. పత్రంలో మొదటిదానికే ఎక్కువ మార్కులు పడ్డాయి. అప్పుడే ఈ పరీక్ష పెట్టి చూద్దామన్నాను. నీటి చక్రం పాఠం తీసుకున్నాం. మొదటి పుస్తకంలో ఈ వాక్యం ఉంది: "సూర్యరశ్మిచే వేడెక్కిన సముద్రాల, నదుల, చెరువుల ఉపరితలం నుంచి ఆవిరై పైకి చేరి చల్లబడిన నీరు వర్షంగా కురుస్తుంది." అయిదో మాటల లెక్కలో ఇందులో "సముద్రాల", "ఆవిరై", "వర్షంగా" ఎగిరిపోయాయి.

మొదటి ఖాళీలో చాలామంది "సముద్రం" అని రాశారు. విషయం అందింది, పక్కన "నదుల, చెరువుల" అని ఉన్నా వాక్యంలో దాని రూపం అందలేదు. మూడో ఖాళీలో ఎక్కువమంది "వానగా" అని రాశారు. అర్థం పూర్తిగా సరైనదే, పుస్తకంలో మాట అది కాదంతే. రెండో ఖాళీ దగ్గరే నేను ఆగిపోయాను. కొందరు వదిలేశారు, చాలామంది "నీరు" అని రాశారు. అంటే వాళ్లు చదివింది "ఉపరితలం నుంచి నీరు పైకి చేరి చల్లబడిన నీరు వర్షంగా" అని. ఆలోచిస్తే తప్పు పిల్లలది కాదు. ఆవిరయ్యేది ఏమిటో, పైకి చేరేది ఏమిటో ఆ వాక్యం పన్నెండో మాట దాకా చెప్పదు. పిల్లవాడు కర్త కోసం వెతికి వెతికి, ఖాళీ కనిపించగానే అక్కడ పెట్టేశాడు. ఆ వాక్యంలో కఠినమైన పారిభాషిక పదం ఒక్కటీ లేదు. పత్రం పట్టుకుని ఎన్నిసార్లు చదివినా మాకెవరికీ అది కష్టమైన వాక్యంగా కనబడలేదు.

ఆ రోజునుంచి ప్రతి పేపర్నీ రెండు రకాలుగా దిద్దుతున్నాం. ఒకటి పుస్తకంలోని మాటే రాస్తే ఇచ్చే మార్కు, రెండోది అర్థం కుదిరితే ఇచ్చే మార్కు. పై వాక్యంలో "సముద్రం, నీరు, వానగా" అని రాసిన పాపకు మొదటి లెక్కలో సున్నా, రెండో లెక్కలో రెండు. ఇంగ్లీషులో పర్యాయపదాలకు మార్కు ఇచ్చినా ఇవ్వకపోయినా పుస్తకాల వరుస పెద్దగా మారదంటారు, అందుకే అక్కడ ఉన్నది ఉన్నట్టు దిద్దడమే సులువు. తెలుగులో నీరు, నీళ్లు తేడాకే క్రియ కూడా మారిపోతుంది కాబట్టి మొదటి లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది. పనికొచ్చేది రెండు లెక్కల మధ్య ఉన్న దూరం. మొదటిది తక్కువై రెండోది బాగుంటే పిల్లలకు విషయం తెలుసు, పుస్తకం భాష వాళ్లది కాదు. టీచరు నోటితో చెప్పి దాటించవచ్చు. రెండూ తక్కువైతే వాక్యాల కూర్పే చెడింది, లేదా ముందు తరగతిలో చెప్పాల్సింది చెప్పకుండా ఈ పాఠం మొదలుపెట్టారు. అలాంటి పుస్తకంతో ఏడాదంతా అవస్థే.

రంగుల పుస్తకానికి మొదటి లెక్కలో మూడో వంతు కూడా రాలేదు, అర్థం లెక్కలోనూ పెద్దగా పెరగలేదు. సాదా పుస్తకానికి మొదటి లెక్కలోనే సగం దాటింది. మేం సాదా పుస్తకమే తీసుకున్నాం.

అయితే ఇక్కడ ఒక సంగతి దాచకూడదు. ఆ సాదా పుస్తకంలో ఇలా ఉంది: "కొంత నీరు ఆవిరిగా మారి గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరి పైకి వెళ్లి మనకు మేఘంగా కనిపిస్తుంది." చక్కటి తెలుగు, ఖాళీలన్నీ పిల్లలు చకచకా నింపేశారు. విషయం మాత్రం తప్పు. నీటి ఆవిరి కంటికి కనబడదు. అది పైన చల్లబడి, సన్నటి ధూళి కణాల చుట్టూ చేరి చిన్న చిన్న నీటి బిందువులుగానో మంచు కణాలుగానో మారాకే మనకు మేఘంగా కనిపిస్తుంది. దీన్ని పట్టుకున్నది పరీక్ష కాదు, కమిటీలో ఫిజిక్స్ చెప్పే సారు. పైగా తేలిక భాషలో ఉన్న తప్పు పిల్లల బుర్రలో బాగా నాటుకుంటుంది. కాబట్టి ఖాళీల పరీక్షలో నెగ్గిన పుస్తకాన్నే విషయం దగ్గర ఇంకాస్త గట్టిగా చూడాలి అన్నది ఇప్పుడు నా అభిప్రాయం. మొదట్లో నేనిలా అనేదాన్ని కాదు.

పత్రంలో నాకు నచ్చనిది మార్కులన్నీ కూడటం. ఆ తప్పు వల్ల ఆ పుస్తకానికి విషయం గడిలో ఒక మార్కు తగ్గింది, మిగతా గడుల్లో పడ్డ మార్కులు దాన్ని పూడ్చేశాయి. పాఠానికి మూలమైన భావన తప్పుగా ఉంటే అది కూడికలోకి రాకూడదు. సవరించేదాకా పుస్తకాన్ని పక్కన పెట్టాలి, లేదా సవరణ చీటీ అంటించాకే పిల్లల చేతికివ్వాలి. మేం చీటీ అంటించాం. ప్రచురణకర్తలకు ఉత్తరం కూడా రాశాం, తర్వాతి ముద్రణలోనూ ఆ వాక్యం అలాగే వచ్చింది.

కృత్యాల విషయంలో ఈ పరీక్ష చేసేదేమీ లేదు. నేను చూసేది ఒక్కటే, కృత్యం చేస్తే ఏమవుతుందో అదే పేజీలో ముందే రాసేశారా అని. రాసేస్తే పిల్లలెవరూ చేయరు, జవాబు కాపీ కొట్టుకుంటారు. సాదా పుస్తకంలో మరిగే నీళ్ల గిన్నె మీద మూత పెట్టి, మూత లోపల ఏముందో చూడమన్న కృత్యం ఉంది, జవాబు లేదు. సారు దానికి కెటిల్ జోడించారు. నీళ్లు బాగా మరుగుతున్నప్పుడు కెటిల్ ముక్కుకు ఆనుకుని కొంత మేర ఏమీ కనబడదు, కాస్త పైన తెల్లటి పొగలా మొదలవుతుంది. ఏమీ కనబడని చోట ఉన్నది ఆవిరి, తెల్లగా కనబడేది నీటి బిందువులు. పిల్లలను దూరంగా నిలబెట్టి, గరిటె తెల్లటి భాగంలో సారే పెట్టి తడి చూపించారు. పుస్తకంలో తప్పును పిల్లలే దిద్దుకున్నారు.

వివక్ష గడిలో కూడా బొమ్మలు లెక్కపెట్టడం చాలదు. ఆ పుస్తకంలో అబ్బాయిలూ అమ్మాయిలూ ఇంచుమించు సమానంగా ఉన్నారని పూర్తి మార్కులు వేశారు. ఎవరు ఏం చేస్తున్నారని పక్కన రాసుకుంటూ పోతే, భూతద్దం, థర్మామీటరు అబ్బాయిల చేతుల్లో ఉన్నాయి, అమ్మాయిలు పక్కన నిలబడి చూస్తున్నారు. రంగుల పుస్తకం ఈ విషయంలో చాలా నయం. అందులో వర్షపాతం కొలిచేది ఒక అమ్మాయి. దాన్ని వదులుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మాది పుస్తకాన్ని సొంతంగా ఎంచుకునే ప్రైవేటు బడి. తరగతిలో ఎక్కువమందికి ఇంట్లో చదివించేవాళ్లు ఉండరు, అందుకే భాషకు నేను ఇంత బరువు ఇస్తాను. ఇంట్లో పెద్దలు కూర్చోబెట్టి చదివించే పిల్లలున్న చోట రంగుల పుస్తకమే మేలు కావచ్చు. ప్రభుత్వ బడుల్లో ఎంపిక టీచరు చేతిలో ఉండదు. అయినా జూన్‌లో రెండు మూడు పాఠాలకు ఈ పరీక్ష పెడితే ఏ పాఠం పుస్తకం తెరవకుండా ముందు నోటితో చెప్పాలో తెలుస్తుంది. ద్విభాషా పుస్తకాలైతే రెండు భాషల పేజీలకూ విడివిడిగా పెట్టవచ్చు. పేపర్లు రెండు రకాలుగా దిద్దడానికి ఒక సాయంత్రం పూర్తిగా పోతుంది, అందుకు సిద్ధపడాలి. మూడో తరగతి లోపు పిల్లలకు, లెక్కల పుస్తకాలకు మాత్రం నేను వాడను. చిన్నపిల్లలకు చదవడంకన్నా రాయడమే కష్టమై మార్కులు పడిపోతాయి. లెక్కల పుస్తకంలోనేమో అయిదో మాట తీసేస్తే ఒక్కోసారి అంకే ఎగిరిపోతుంది, దాన్ని ఊహించి రాయడం ఎవరివల్లా కాదు.