ముందు కొట్టివేతా, ముందు కారణాంకాలా?

అనంతపురం ట్యూషన్లలో పిల్లలు దిద్దుకునే బీజగణితం వర్క్‌షీట్లలో (x² − 9)/(x² − x − 6) వంటి భిన్నాన్ని సూక్ష్మీకరించడానికి రెండు దారులు కనిపిస్తాయి.

మొదటి దారిలో పైనా కిందా ఉన్న x² ను కొట్టివేసి, గుర్తులు సరిచేసి, 9/(x + 6) అని రాస్తారు. ఇక్కడ x² తీసివేతలో ఒక పదమే తప్ప మొత్తం లవాన్నీ, మొత్తం హారాన్నీ గుణిస్తున్న కారణాంకం కాదు కనుక ఆ కొట్టివేత చెల్లదు. x = 0 తో సరిచూస్తే మాత్రం రెండింటికీ 3/2 వస్తుంది; కొట్టివేసిన x² అక్కడ సున్నా కావడమే దానికి కారణం, కాబట్టి ఆ సరిచూపును నమ్మకూడదు. x = 1 పెడితే అసలు భిన్నం 4/3, రాసిన జవాబు 9/7 అయి తప్పు బయటపడుతుంది.

రెండో దారిలో ముందు కారణాంకాలు రాస్తారు: (x − 3)(x + 3)/((x − 3)(x + 2)). హారాన్ని సున్నా చేసే 3, −2 విలువలను ఈ మెట్టులోనే, ఏదీ కొట్టివేయకముందే, పక్కన రాసుకోవాలి. నేను ఈ దారినే గట్టిగా సమర్థిస్తాను. తర్వాత (x − 3) పోయి (x + 3)/(x + 2) మిగులుతుంది. కేవలం ఈ జవాబును చూసి మినహాయింపులు వెతికితే −2 ఒక్కటే దొరుకుతుంది. x = 3 దగ్గర జవాబు 6/5 ఇస్తుంది గాని అసలు భిన్నం 0/0 అయి అర్థం కోల్పోతుంది, అందువల్ల జవాబు పక్కన x ≠ 3, x ≠ −2 రెండూ ఉండాలి.